షెడ్యూల్ బరువు నుంచి ఆర్డర్ బరువు దాకా: అనంతపురంలో ఒక స్లాబు ఉక్కు లెక్క

ఏ కమ్మీని ఎంత పొడవున కోసి ఎలా వంచాలో చెప్పే పట్టిక బార్ బెండింగ్ షెడ్యూల్. దాని చివరి వరుసలో కనిపించే మొత్తం బరువు, కాంక్రీటులో కూర్చోవలసిన ఉక్కు బరువు మాత్రమే. దుకాణంలో కొనవలసిన ఉక్కు బరువు అది కాదు. ఈ రెండింటి మధ్య తేడాను చాలామంది ఐదు శాతం వేస్టేజీ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ ఐదు శాతం ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి సగానికి కూడా చాలదు. ఎప్పుడు చాలుతుందో, ఎప్పుడు చాలదో చెప్పగలిగేది కమ్మీల కోత పట్టిక ఒక్కటే. అనంతపురంలో ఒక ఇంటి కింది అంతస్తు స్లాబుకు ఉక్కు తెప్పించినప్పుడు చేసిన లెక్కను, అందులో ముఖ్యమైన మార్కుల, అంటే ఒకే కొలతతో కోసే కమ్మీల వరుసల, వరకే, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

స్లాబు 13.5 మీటర్ల పొడవు, 4.8 మీటర్ల వెడల్పు ఉంది. వెడల్పు వైపున బి1 అనే ఒకే రకం బీములు ఆరు ఉన్నాయి. ఒక్కొక్కటి 230 మిల్లీమీటర్ల వెడల్పు, 450 మిల్లీమీటర్ల లోతు. వాటి మధ్య దూరం నడిమి నుంచి నడిమికి సుమారు 2.65 మీటర్లు. పొడవు వైపున రెండు అంచుల్లోనూ బీములు వెళ్తాయి. డిజైన్ ఆఫీసు నుంచి షెడ్యూల్ ఎక్సెల్ షీటుగా వచ్చింది. స్తంభాల మీది ఎక్స్‌ట్రా కమ్మీలు తప్ప పొడవు బీముల సొంత కమ్మీలు వేరే విడతలో తెప్పించినందువల్ల వాటిని ఈ లెక్కలో కలపడం లేదు.

షెడ్యూల్ చేతికి రాగానే బరువు గడి వైపు చూడకుండా, ఒక్క వరుసను ఎంచుకుని ఎడమ నుంచి కుడికి మొత్తం చేత్తో లెక్క కట్టి చూడడం నా పద్ధతి. షెడ్యూల్ తయారు చేసినవారు ఏ నియమాన్ని పాటించారో ఆ ఒక్క వరుసతో బయటపడుతుంది. బి1 కింది కమ్మీని తీసుకున్నాను. అది 16 ఎం.ఎం. కమ్మీ, బీముకు మూడు. బీము మొత్తం పొడవు 4800 నుంచి రెండు వైపులా 25 చొప్పున కవర్, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, తీసేస్తే 4750 మిగులుతుంది. రెండు చివర్లా 300 చొప్పున పైకి వంపు ఉంది కాబట్టి మొత్తం 5350. అయితే కమ్మీని 90 డిగ్రీలు వంచినప్పుడు బయటి కొలతల మొత్తం కన్నా అసలు కమ్మీ పొడవు కొంత తక్కువ అవుతుంది. అందుకు వంపుకు కమ్మీ వ్యాసానికి రెండింతలు తగ్గించడం సైట్లలో స్థిరపడిన లెక్క. రెండు వంపులకు 64 తీసేస్తే 5286 మిల్లీమీటర్లు వస్తుంది. షెడ్యూల్‌లోనూ 5.286 అనే ఉంది. అంటే వంపు తగ్గింపులు ఇప్పటికే తీసేసి ఇచ్చారని తేలింది. ఇది తేల్చుకోకుండా మేస్త్రికి కాగితం ఇస్తే, ఆయన అలవాటు కొద్దీ మరోసారి తగ్గించి కోస్తాడు, కమ్మీ చివరి వంపు పొట్టిదైపోతుంది.

తర్వాత సంఖ్య. షెడ్యూళ్లలో తరచుగా తప్పు చదివే గడి ఇదే. ‘సభ్యుల సంఖ్య’ ఒక గడిలోనూ ‘ఒక్కో సభ్యునికి కమ్మీలు’ మరో గడిలోనూ ఉంటాయి, ఆ రెండింటి గుణకారం మూడో గడిలో ఉంటుంది. ఆరు బీములు, మూడేసి కమ్మీలు, మొత్తం 18. పొడవు 95.15 మీటర్లు. మీటరు బరువుకు వాడే సూత్రం `D²/162`. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వేస్తే మీటరుకు కిలోలు వస్తాయి. ఘనమీటరుకు 7850 కిలోలనే ఉక్కు సాంద్రత నుంచి పుట్టిన సంఖ్య అది. దాని ప్రకారం 8 ఎం.ఎం. 0.395, 12 ఎం.ఎం. 0.889, 16 ఎం.ఎం. 1.58 కిలోలు తూగుతాయి. ఈ మార్కు బరువు 150.3 కిలోలు. షెడ్యూల్‌తో సరిపోయింది.

ఇక్కడి నుంచి ఆర్డర్ లెక్క మొదలవుతుంది. దుకాణంలో కమ్మీ 12 మీటర్ల రాడ్డుగా వస్తుంది. ఒక రాడ్డులో 5.286 ముక్కలు రెండే వస్తాయి, 1.428 మీటర్లు మిగులుతాయి. కాబట్టి 18 ముక్కలకు 9 రాడ్లు కావాలి, వాటి బరువు 170.6 కిలోలు. 150.3 మీద ఐదు శాతం కలిపి 158 కిలోలు తెప్పించి ఉంటే ఎనిమిది రాడ్లే వచ్చేవి, 16 ముక్కలే తెగేవి, ఒక బీములో రెండు కమ్మీలకు కొరత పడేది. అసలు కొరత బరువులో ఉండదు, ముక్కల్లో ఉంటుంది. షీటులో బరువు గడి పక్కనే నేను చేర్చుకునే సూత్రం ఇది:

```
=ROUNDUP(18/INT(12/5.286),0)
```

ఒక రాడ్డులో ఎన్ని నిండు ముక్కలు వస్తాయో `INT` చెప్తుంది. ఎన్ని నిండు రాడ్లు కావాలో `ROUNDUP` చెప్తుంది. ప్రతి వరుసకూ దీన్ని దించుకుంటే విడివిడిగా కోసినప్పుడు అయ్యే గరిష్ఠ ఆర్డర్ తెలుస్తుంది. ఆ తర్వాత చేయవలసిన పని, ఒక మార్కులో మిగిలే తునక మరో మార్కుకు పనికొస్తుందా అని వెతకడం. ఈ పనిని సూత్రానికి వదలకుండా కాగితం మీద చేత్తోనే చేస్తాను, ఎందుకంటే వ్యాసం ఒకటే అయినంత మాత్రాన తునకలన్నీ ఎక్కడపడితే అక్కడ పెట్టడానికి కుదరదు.

16 ఎం.ఎం.లో జవాబు వెంటనే దొరికింది. పొడవు బీముల్లో లోపలి స్తంభాల మీద పైభాగాన ఒక్కో ఎక్స్‌ట్రా కమ్మీ ఉంది. ఒక్కో వైపు లోపలి స్తంభాలు నాలుగు, రెండు వైపులా ఎనిమిది, కోత పొడవు 1.40 మీటర్లు. బి1 కోతలో మిగిలే తునకలు తొమ్మిది, ఒక్కొక్కటి 1.428 మీటర్లు. ఎనిమిదీ అందులోనే తీరిపోయాయి. షీటు సూత్రం ప్రకారం పోతే వీటికోసం పదో రాడ్డు కొనవలసి వచ్చేది.

బీము కమ్మీలను చుట్టి పట్టే రింగుల విషయం కొంచెం జాగ్రత్తగా చూడాలి. రింగు బయటి కొలత 180, 400. చుట్టుకొలత 1160. రెండు హుక్కులకు వ్యాసానికి పదింతల చొప్పున 160 కలపాలి. మూడు 90 డిగ్రీల వంపులకు 48, రెండు 135 డిగ్రీల వంపులకు వ్యాసానికి మూడింతల చొప్పున మరో 48 తీసేయాలి. కోత పొడవు 1224 మిల్లీమీటర్లు. బీము లోపలి పొడవు 4340లో 150 దూరానికి ఒకటి చొప్పున 30 రింగులు, ఆరు బీములకు 180. ఒక 12 మీటర్ల రాడ్డులో తొమ్మిది రింగులే వస్తాయి, 98 సెంటీమీటర్లు మిగులుతుంది. అంటే విడిగా 20 రాడ్లు కావాలి.

ఈ సంఖ్య వినగానే కమ్మీల మేస్త్రి అన్న మాట నాకు కొత్త కాదు: ‘1.2కు కోస్తే రాడ్డుకు సరిగ్గా పది పడతాయి సార్, రెండు రాడ్లు మిగులుతాయి.’ తక్కువయ్యేది 24 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ రింగు నాలుగు భుజాలూ తగ్గవు, తగ్గితే అది కమ్మీల చుట్టూ పట్టదు. ఆ 24 మొత్తం రెండు హుక్కుల నుంచే పోతుంది, 80 ఉండవలసిన హుక్కు 68కి వస్తుంది. పొట్టి హుక్కును 135 డిగ్రీల దాకా తిప్పడానికి బల్ల మీద పట్టు దొరకదు, అందుకని 90 దగ్గర ఆపేస్తారు. సైట్లో దీన్ని పట్టుకోవడం తేలిక. వంచిన రింగుల కుప్పలోంచి ఏదో ఒకటి తీసి చూస్తే, హుక్కు కొన రింగు లోపలికి, కాంక్రీటు నడిమి వైపు వాలి ఉండాలి. పక్క భుజాన్ని ఆనుకుని బయట కవర్ వైపు ఉంటే అది పొట్టి కోత. 180 కోయకముందు ఒక్క రింగు కోసి, వంచి, బయటి కొలతలు టేపుతో చూసి, హుక్కు పొడవు చూసి, అది సరైనదని తేలాకే మిగతావి కోయమని చెప్పాను. మేస్త్రి బల్ల మీది మేకుల దూరాన్ని బట్టి వంపు కాస్త మారుతుంది కాబట్టి లెక్కలోని 1224ని ఆ మొదటి రింగే ఖాయం చేయాలి.

రెండు రాడ్లు మిగుల్చుకోవాలన్న మేస్త్రి ఉద్దేశం మాత్రం సరైనదే. అందుకు దారి వేరే మార్కులో ఉంది. స్లాబు వెడల్పు వైపు వేసే కమ్మీలు 8 ఎం.ఎం.వే, కవర్ పోను 4.76 మీటర్లు, 200 దూరానికి 69. రాడ్డుకు రెండు పోగా 2.48 మీటర్లు మిగులుతుంది. అందులో 1.224 రింగులు రెండు సరిగ్గా పడతాయి. ముప్పై నాలుగు రాడ్లలో 68 కమ్మీలతో పాటు 68 రింగులు. ముప్పై అయిదో రాడ్డులో ఒక కమ్మీ, మిగిలిన భాగంలో ఐదు రింగులు. మొత్తం 73 రింగులు ఈ కోతలోనే తయారయ్యాయి. ఇంకా కావలసిన 107కి 12 రాడ్లు చాలు. హుక్కును పొట్టిచేసి రెండు రాడ్లు మిగిల్చే చోట, ఏ కొలతా తగ్గించకుండా ఎనిమిది మిగిలాయి.

అయితే ఆ 2.48లో రెండు రింగులు పోను మిగిలే వెసులుబాటు మూడు సెంటీమీటర్లే. 16 ఎం.ఎం. కోతలోనూ అంతే. రాడ్డు 11.95 మీటర్లు వచ్చినా ఈ పట్టిక చెదిరిపోతుంది. అందుకే పట్టిక ఖాయం చేయకముందే దుకాణానికి వెళ్లి ఆ లాటులో నాలుగైదు రాడ్లకు టేపు పెట్టి చూశాను. 12కు తగ్గలేదు. కోయడానికి రాపిడి చక్రం వాడితే ఒక్కో కోతకు రెండు మూడు మిల్లీమీటర్లు పొడిగా పోతుంది, దాన్నీ లెక్కలో ఉంచుకోవాలి. చేతి కట్టరైతే ఆ నష్టం ఉండదు.

ఈ షెడ్యూల్‌లో నిజంగా సరిదిద్దవలసి వచ్చిన వరుస స్లాబు పొడవు వైపు కమ్మీలది. 8 ఎం.ఎం., 33 కమ్మీలు, కోత పొడవు 13.46 మీటర్లు అని రాసి ఉంది. 12 మీటర్లకు మించిన కోత పొడవు ఏ వరుసలో కనిపించినా అక్కడ ఆగిపోవాలి, ఎందుకంటే అంత పొడవు ముక్క రాడ్డులో లేదు, రెండు ముక్కలను కొంత మేర పక్కపక్కన కలిపే ల్యాపు తప్పదు, ఆ ల్యాపు పొడవు లెక్కలోకి రాలేదని అర్థం. డ్రాయింగు నోట్సులో ల్యాపు వ్యాసానికి యాభై ఇంతలు అని ఉంది, అంటే 400 మిల్లీమీటర్లు. ఒక్కో కమ్మీకి 13.86 మీటర్లు కావాలి.

ల్యాపు పొడవు కలిపినంత మాత్రాన పని పూర్తి కాదు, ఎక్కడ కలపాలో కూడా చూడాలి. సైట్లో ఎవరూ చెప్పకపోతే ఒక నిండు రాడ్డు పరిచి, చివర 1.86 మీటర్ల ముక్క తగిలిస్తారు. రాడ్డుకు అలాంటివి ఆరు వస్తాయి కాబట్టి కోతకు అది చాలా పొదుపు, 39 రాడ్లతో ముగుస్తుంది. కానీ ల్యాపు అప్పుడు చివరి రెండు బీముల మధ్య ఉండే స్లాబు గడిలో, అంచు నుంచి సుమారు ఒకటిన్నర మీటరు నుంచి 1.9 మీటర్ల మధ్య పడుతుంది. ఆ గడి 2.65 మీటర్ల వెడల్పు మాత్రమే కాబట్టి, ల్యాపు సరిగ్గా నడిమి దగ్గరలో, కింది కమ్మీ మీద లాగుడు అత్యధికంగా ఉండే చోట పడుతుంది. అది కూడా 33 కమ్మీలకూ ఒకే గీతలో. ఉక్కు పొదుపు కోసం ఇది ఒప్పుకోదగినది కాదు.

కింది కమ్మీ ల్యాపు బీము మీద ఉండాలి. డిజైన్ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే వారూ అదే చెప్పి, షెడ్యూల్ సవరించి పంపారు. చివరి నుంచి రెండో బీము నడిమి గీత అంచు నుంచి 2.77 మీటర్ల దూరంలో ఉంది. ల్యాపు నడిమి దాని మీదికి వచ్చేట్టు చూస్తే చిన్న ముక్క 2.95, పెద్ద ముక్క 10.91 మీటర్లు అవుతాయి. ల్యాపులన్నీ ఒకే బీము మీద పడకుండా ఒక కమ్మీకి తూర్పు చివర, పక్క కమ్మీకి పడమటి చివర వచ్చేట్టు తిప్పి పరిచాం. కోత మాత్రం అన్నిటికీ ఒకటే. పెద్ద ముక్కలకు 33 రాడ్లు, రాడ్డుకు నాలుగు చొప్పున చిన్న ముక్కలకు 9 రాడ్లు, మొత్తం 42. ఇక్కడ మిగిలే 1.09 మీటర్ల తునకలు రింగుకు చాలవు. పై కమ్మీలను ఎత్తి పట్టే చెయిర్లు షెడ్యూల్‌లో ఎక్కడా లేవు, చాలా షెడ్యూళ్లలో ఉండవు. ఈ తునకలు వాటికి సరిపోయాయి.

బి1 పై కమ్మీలు 12 ఎం.ఎం.వి పన్నెండు, 5.302 మీటర్ల కోత. రాడ్డుకు రెండు, మొత్తం ఆరు రాడ్లు. ఇందులో వెతకవలసినది ఏమీ లేదు.

అన్నీ కలిపితే ఆర్డర్ ఇలా తేలింది: 8 ఎం.ఎం. 89 రాడ్లు, 12 ఎం.ఎం. 6, 16 ఎం.ఎం. 9. మా దగ్గర కట్టలు సాధారణంగా 8 ఎం.ఎం.కు పది, 12కు ఐదు, 16కు మూడు రాడ్ల చొప్పున వస్తాయి. 8 ఎం.ఎం. తొమ్మిది కట్టలు అంటే 90, ఒకటి అదనంగా ఉండనిచ్చాను. 12లో ఒక కట్ట, ఒక విడి రాడ్డు అడిగాను. లెక్క బరువు 661 కిలోలు. ఇవే మార్కులకు సవరించక ముందు షెడ్యూల్ చెప్పిన బరువు 617 కిలోలు. ఏ మార్కుకు ఆ మార్కు విడిగా కోసి ఉంటే 713 కిలోలు కొనవలసి వచ్చేది. ఐదు శాతం నియమం 648 దగ్గర ఆగేది. మొత్తం బరువు చూస్తే అది మరీ దూరం కాదనిపిస్తుంది, కానీ వ్యాసాల వారీగా ఏ కమ్మీ ఎన్ని రాడ్లు కావాలో ఆ సంఖ్య చెప్పలేదు. కోత పట్టిక లేకుండా తెప్పించిన 648 కిలోలతో ఈ స్లాబు పూర్తయ్యేది కాదు.

ఆర్డర్ కాగితం మీద నేను టన్నులు రాయను. వ్యాసం, రాడ్ల సంఖ్య, పొడవు రాసి, డబ్బు మాత్రం తూకం ప్రకారం అని రాస్తాను. దానికి కారణం మీటరు బరువులో ఉండే తేడా. ఉక్కు కమ్మీల భారత ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 10 ఎం.ఎం. దాకా ఒక బ్యాచ్ మీటరు బరువు లెక్క బరువుకు ఏడు శాతం అటూఇటూ, 16 దాకా ఐదు శాతం, ఆపైన మూడు శాతం ఉండవచ్చు. ఇదంతా నియమం లోపలి తేడానే, మోసం కాదు. కానీ కిలోల్లో అడిగితే బరువైన లాటు వచ్చినప్పుడు రాడ్లు తక్కువ వస్తాయి, కోత పట్టిక అక్కడే విరిగిపోతుంది. రాడ్ల లెక్కన అడిగి లెక్క బరువుకు డబ్బు కడితే, తేలిక లాటు వచ్చినప్పుడు రాని ఉక్కుకు డబ్బు పోతుంది. సంఖ్య మన లెక్క, బరువు కాటా లెక్క అయితే రెండు చిక్కులూ ఉండవు.

మరో షరతు, రాడ్లను నడుమ మడవకుండా పంపాలి. చిన్న బండిలో పట్టడానికి దుకాణాల వాళ్లు 12 మీటర్ల రాడ్డును సగానికి మడిచి వేస్తారు. మన పట్టికలో 16 ఎం.ఎం. రాడ్డుకు రెండు చివర్ల నుంచి రెండు బీము కమ్మీలు తీస్తే మిగిలే 1.4 మీటర్ల తునక సరిగ్గా ఆ మడత ఉన్న చోటే వస్తుంది. స్తంభం మీద లాగుడును మోయవలసిన ఎక్స్‌ట్రా కమ్మీ, సుత్తితో కొట్టి చాపిన మడత ముక్క కాకూడదు. పొడవాటి బండికి కొంత బాడుగ ఎక్కువైంది, దాన్ని ఒప్పుకున్నాను.

ఉక్కు వచ్చాక వ్యాసాల వారీగా విడిగా తూచాం. లారీ కాటా ఐదు, పది కిలోల మెట్టులో చూపిస్తుంది కాబట్టి 170 కిలోల సరుకుకు అది పనికిరాదు; దుకాణంలోని ప్లాట్‌ఫామ్ కాటా మీదే కట్టలు పెట్టించాను. 8 ఎం.ఎం. 90 రాడ్లు 412 కిలోలు తూగాయి. 1080 మీటర్లతో భాగిస్తే మీటరుకు 0.381, లెక్క కన్నా సుమారు మూడున్నర శాతం తక్కువ, ఏడు శాతం హద్దుకు లోపల. 12 ఎం.ఎం. 63 కిలోలు, 16 ఎం.ఎం. 168 కిలోలు వచ్చాయి. రెండూ ఒకటిన్నర శాతం పైచిలుకు తక్కువ. మొత్తం 643 కిలోలకు డబ్బు కట్టాం. లెక్క బరువుకు బిల్లు వేసి ఉంటే 18 కిలోలు అదనంగా కట్టేవాళ్లం.

ఈ తూకంలో 8 ఎం.ఎం. ఏడు శాతానికి మించి తగ్గి ఉంటే, సరిగ్గా ఒక మీటరు ముక్క కోసి చిన్న త్రాసు మీద పెట్టి చూడాలి. విడి నమూనాకు ఎనిమిది శాతం దాకా తగ్గుదల ఒప్పుకుంటారు కాబట్టి 395 గ్రాములు ఉండవలసిన ముక్క 363 గ్రాములకు తగ్గకూడదు. ఒకటి కాకుండా వేర్వేరు కట్టల నుంచి మూడు నాలుగు ముక్కలు తీసి, అన్నీ ఆ హద్దు కింద ఉంటే బండి దించకుండా వెనక్కి పంపాలి. అలాంటి కమ్మీని ఎక్కువ సంఖ్యలో వేసి సరిపెట్టుకుందామని సైట్లో నిర్ణయించకూడదు. షెడ్యూల్‌లోని దూరం 8 ఎం.ఎం. నిండు అడ్డుకోతకు లెక్క కట్టినది, దాన్ని మార్చే అధికారం డిజైన్ చేసినవారిదే.